వంగిన తీరే చెబుతుంది ఊగే వేగం

స్లాబు వేసి, సెంట్రింగ్ విప్పగానే బీమ్ తన బరువుకు తానే నడుమ దగ్గర కాస్త కుంగుతుంది. నాలుగు మిల్లీమీటర్లో, పది మిల్లీమీటర్లో. కింద నిలబడి చూసే మేస్త్రీ కంటికి అది ఆనదు గానీ, డిజైన్ ఇంజినీరు లెక్కలో మాత్రం ఆ అంకె ఉంటుంది. కోడ్ పెట్టిన హద్దు దాటలేదని చూసుకుని చాలామంది దాన్ని అక్కడితో వదిలేస్తారు. అదే అంకె నుంచి ఇంకో సమాధానం కూడా రాబట్టవచ్చు. ఆ బీమ్‌ను ఒకసారి కదిపి వదిలేస్తే సెకనుకు ఎన్నిసార్లు పైకీ కిందికీ ఊగుతుందో అది చెబుతుంది.

రెండు చివర్లా ఊరికే ఆనించి, పొడవునా ఒకే బరువున్న బీమ్ అయితే సూత్రం ఒక్క ముక్కలో అయిపోతుంది.

f = 18/√δ

ఇందులో δ అంటే సొంత బరువుకు బీమ్ నడుమ ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో ఆ అంకె. f అంటే సెకనుకు ఎన్ని ఊపులో ఆ లెక్క. కుంగు 9 మిల్లీమీటర్లయితే సెకనుకు 6 ఊపులు, 36 అయితే 3, 81 అయితే 2. మామూలుగా నడిచే మనిషి సెకనుకు రెండు అడుగుల చొప్పున వేస్తాడు. కాబట్టి 80 మిల్లీమీటర్ల దరిదాపుల్లో కుంగే కాలినడక వంతెన ఏదైనా లెక్కలో కనబడితే, కంప్యూటర్ తెరవకముందే అనుమానించాలి. దాని మీద నడిచేవాళ్ల అడుగులకూ వంతెన ఊపుకూ తాళం కలిసిపోయే ప్రమాదం ఉంది.

ఈ దారి చూపిన మనిషి పేరు జాన్ విలియమ్ స్ట్రట్. లోకానికి లార్డ్ రేలీగా తెలుసు. ఆర్గాన్ వాయువును కనుగొన్నందుకు 1904లో నోబెల్ అందుకున్న భౌతికశాస్త్రవేత్త. 1872లో రుమాటిక్ జ్వరంతో మంచాన పడి లేచాక ఆరోగ్యం కోసం ఈజిప్టు వెళ్లాడు. నైలు నది మీద పడవలో ఉండగా ధ్వని శాస్త్రం మీద ఒక పెద్ద గ్రంథం మొదలుపెట్టాడు. దాని మొదటి సంపుటం 1877లో వచ్చింది. తీగలు, కడ్డీలు, పలకలు ఏ స్వరంలో మోగుతాయన్నది అందులో ఆయన తేల్చాలనుకున్న విషయం. ఇంజినీర్లు ఆ పద్ధతిని వంతెనలకూ భవనాలకూ తెచ్చుకున్నారు.

పద్ధతి వెనకున్న ఆలోచన ఉయ్యాలను చూస్తే తెలిసిపోతుంది. ఉయ్యాల రెండు కొసల దగ్గరా ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడ వేగం లేదు, ఉన్న శక్తంతా ఎత్తులో దాగి ఉంటుంది. కిందికి వచ్చేసరికి ఆ శక్తంతా వేగంగా మారుతుంది. బీమ్‌లోనూ ఇంతే. పూర్తిగా వంగి ఆగిన క్షణంలో శక్తి వంపులో నిలవ ఉంటుంది, తిన్నగా ఉన్న స్థానం దాటే క్షణంలో అదంతా చలనంలో ఉంటుంది. ఈ రెండూ సమానమని రాయడమే రేలీ చేసిన పని. చలనంలోని శక్తి ఊగే వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, సమీకరణంలో తెలియనిదల్లా ఆ వేగం ఒక్కటే.

చిక్కేమిటంటే, ఈ శక్తులు లెక్కకట్టాలంటే ఊగేటప్పుడు బీమ్ ఏ ఆకారంలో వంగుతుందో ముందే తెలియాలి. అసలు ఆకారం ఎవరికీ ముందుగా తెలియదు. అందుకే దగ్గరగా ఉండే ఆకారాన్ని ఒకదాన్ని ఎంచుకుంటారు. దాని కోసం దూరం వెళ్లనక్కర్లేదు, సొంత బరువుకు వంగిన తీరు చేతిలోనే ఉంటుంది. బరువు ఎక్కువున్న చోట, పట్టు తక్కువున్న చోట బీమ్ ఎక్కువ వంగుతుంది. ఊగేటప్పుడు జరిగేదీ దాదాపు అదే.

భవనం ఫ్రేమ్‌కు వస్తే చిన్న మార్పు ఉంది. భూకంపంలో ఇల్లు పక్కకు ఊగుతుంది. కిందికి లాగే బరువుతో వచ్చే వంపు ఇక్కడ పనికిరాదు. కాబట్టి ప్రతి అంతస్తు బరువునూ అంతే బలంగా మార్చి, పక్కకు తోస్తున్నట్టు ఊహించుకోవాలి. అలా తోస్తే ఏ స్లాబు ఎంత జరుగుతుందో లెక్కిస్తే చాలు.

ఒక మూడంతస్తుల ఇంటిని తీసుకుందాం. ఒక్కో స్లాబు, దానితో వచ్చే గోడలు, బీములు కలిపి 150 టన్నులు. ఏ అంతస్తులోనైనా పిల్లర్లన్నీ కలిసి, స్లాబును ఒక మిల్లీమీటరు పక్కకు జరపాలంటే 15 టన్నుల బలం అడుగుతాయి అనుకుందాం. అన్ని స్లాబులనూ వాటి బరువుతోనే పక్కకు తోస్తే, కింది అంతస్తు పిల్లర్ల మీద మూడు స్లాబుల తోపు, అంటే 450 టన్నులు పడుతుంది. అవి 30 మిల్లీమీటర్లు వాలతాయి. రెండో అంతస్తు పిల్లర్ల మీద 300 టన్నులు, ఇంకో 20 మిల్లీమీటర్లు. పై అంతస్తులో 150 టన్నులు, మరో 10. కింది నుంచి కూడుకుంటూ పోతే స్లాబులు వరసగా 30, 50, 60 మిల్లీమీటర్లు జరుగుతాయి.

ఇక రేలీ సూత్రం. బరువులు మూడూ సమానం కాబట్టి అవి పైనా కిందా కొట్టుకుపోతాయి. జరుగుళ్ల మొత్తం 140. వాటి వర్గాల మొత్తం 900, 2500, 3600 కలిపి 7000. 140ని 7000తో భాగిస్తే 0.02. దాన్ని గురుత్వ త్వరణం 9810తో గుణిస్తే 196. వర్గమూలం 14. దాన్ని 6.28తో భాగిస్తే సెకనుకు 2.23 ఊపులు, అంటే ఒక్క ఊపుకు 0.449 సెకన్లు. ఇదే ఇంటికి పూర్తి గణితంతో కచ్చితమైన విలువ తీస్తే 0.451 వస్తుంది. అర శాతం తేడా! పాత బిల్లు వెనక పెన్సిల్‌తో చేసే లెక్కకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆకారం కొంచెం తప్పినా జవాబు ఎందుకు ఇంత దగ్గరగా వస్తుంది? అసలు ఆకారం దగ్గర ఈ ఊపుల లెక్క కనిష్ఠ స్థాయిలో ఉంటుంది. లోయ అడుగున నిలబడి ఒక అడుగు అటూ ఇటూ వేసినా ఎత్తు పెద్దగా మారనట్టే, ఆకారంలో చిన్న తప్పు జవాబులో ఇంకా చిన్నదైపోతుంది. అదే ఇంటికి వంపు లెక్క కూడా వేయకుండా, స్లాబులు 1, 2, 3 చొప్పున తిన్నగా ఒక గీతలా వాలతాయని అనేసుకున్నా ఊపుకు 0.433 సెకన్లు వస్తుంది. తప్పు నాలుగు శాతమే.

ఈ తప్పు ఎప్పుడూ ఒకవైపే ఉంటుంది. తప్పు ఆకారంలోకి నిర్మాణాన్ని బలవంతంగా వంచితే అది ఉన్నదాని కన్నా బిగువుగా కనిపిస్తుంది. అందువల్ల అత్యల్ప పౌనఃపున్యానికి రేలీ ఇచ్చే విలువ అసలు దానికన్నా ఎక్కువగా ఉంటుంది, మహా అయితే సమానంగా ఉంటుంది. నడక వంతెన విషయంలో ఇది గుర్తుండాలి. లెక్కలో సెకనుకు 3.1 వచ్చింది, 3 దాటింది కదా అని ఊరుకోకూడదు, అసలుది ఇంకా కింద ఉండవచ్చు.

ఇంతవరకూ అంతా సాఫీగానే ఉంది. ఇప్పుడు అదే ఇంటికి కింద పార్కింగ్ పెట్టండి. హైదరాబాద్, విజయవాడల్లో ఏ వీధిలో చూసినా ఇవే అపార్ట్‌మెంట్లు. కింద పిల్లర్లే ఉంటాయి, పైన అన్ని అంతస్తుల్లో ఇటుక గోడలుంటాయి. గోడల వల్ల పై రెండు అంతస్తులు పది రెట్లు బిగువుగా మారాయనుకుందాం. మళ్లీ బరువులతో పక్కకు తోస్తే కింది పిల్లర్లు మునుపటిలాగే 30 మిల్లీమీటర్లు వాలతాయి. పై అంతస్తులు మాత్రం 2, 1 చొప్పునే కదులుతాయి. స్లాబుల జరుగుళ్లు 30, 32, 33. వీటితో సూత్రం ఊపుకు 0.357 సెకన్లు ఇస్తుంది. కచ్చితమైన గణితం చెప్పేదీ అదే.

ఇక్కడ తిన్నటి గీతను నమ్ముకుంటే? 0.164 సెకన్లు వస్తుంది. సగం కూడా కాదు. ఎందుకంటే ఆ గీత పై గోడలను కూడా కింది పిల్లర్లంత వంచుతుంది. నిజానికి అవి అంత వంగవు. వంగని గోడలను లెక్కలో వంచేసరికి ఎక్కడలేని శక్తీ అందులోకి చేరిపోతుంది. మొదటి ఇంట్లో నాలుగు శాతం తప్పిన ఊహే ఈ ఇంట్లో రెండు రెట్లకు పైగా తప్పింది. ఆకారాన్ని మనసులో గీసుకోకూడదు, బలాల నుంచి రాబట్టాలి. బరువులతో తోసి వంపు తీయడానికి పట్టేది ఇంకో పది నిమిషాలే, దాన్ని మిగుల్చుకోవడంలో అర్థం లేదు.

ఇంకో సంగతి ఉంది. భూకంప డిజైన్‌కు మన దేశంలో వాడే ఐ.ఎస్. 1893, 2016 నాటి రూపంలో, మధ్యరకం నేల మీద 0.55 సెకన్ల లోపు ఊపు ఉన్న భవనాలన్నిటికీ బలం లెక్కలో ఒకే గుణకం వాడమంటుంది. 0.164 అయినా 0.357 అయినా గుణకం మారదు. అంటే ఈ అపార్ట్‌మెంటులో ఉన్న లోపం ఊపు అంకెలో బయటపడదు, వంపులోనే బయటపడుతుంది. మొత్తం 33 మిల్లీమీటర్ల జరుగులో 30 కింది పిల్లర్లలోనే ఉంది. భూకంపం ఇచ్చే వంపంతా ఆ కొద్ది పిల్లర్లే భరించాలి. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో ఇలా కింద ఖాళీ వదిలి కట్టినవి చాలా ఉన్నాయి. పౌనఃపున్యం కోసం వేసిన లెక్కలో దారిలో దొరికిన ఆ మూడు అంకెలను ఒకసారి కళ్లారా చూస్తే ఈ బలహీనత దాగదు.

కుంగును ఎక్కడి నుంచి తీసుకుంటున్నామన్నది కూడా చూసుకోవాలి. పదేళ్ల పాత కాంక్రీటు బీమ్ కింద దారం కట్టి కొలిచిన కుంగును సూత్రంలో వేస్తే జవాబు తప్పుతుంది. కాంక్రీటు బరువు కింద ఏళ్ల తరబడి మెల్లగా సాగుతూ, మొదట కుంగినదానికి రెండు మూడు రెట్లు కుంగగలదు. ఆ సాగుడు ఊపులో పాలు పంచుకోదు. స్టీల్ వంతెనల్లో దీనికి తిరకాసుగా జరుగుతుంది. కుంగు కనబడకూడదని తయారీలోనే నడుమ కాస్త పైకి వంచి చేస్తారు, అది చూసి కుంగు లేదనుకుంటే లెక్క అసలుకే రాదు. బరువు పడ్డ క్షణంలో ఎంత వంగుతుందో, ఆ లెక్కించిన వంపే కావాలి.

ఇప్పుడు ప్రతి డిజైన్ ఆఫీసులోనూ సాఫ్ట్‌వేర్ ఉంది, అది అన్ని ఊపులనూ క్షణంలో చెప్పేస్తుంది. ఈ చేతిలెక్క దాని మీద కాపలాకు పనికొస్తుంది. మన మొదటి ఇంటికే కంప్యూటర్ 0.45 బదులు 1.4 సెకన్లు చూపించిందనుకుందాం. ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే దాదాపు 3.1 వస్తుంది. అది 9.81కి వర్గమూలం. ఆ అంకె కనబడితే మోడల్ అంతా వెతకనక్కర్లేదు. ద్రవ్యరాశి అడిగిన గడిలో ఎవరో బరువును కిలోన్యూటన్లలో వేసేసి, దాన్ని 9.81తో భాగించడం మరిచిపోయి ఉంటారు. ముందుగా చూడాల్సింది ఆ గడినే.