అప్పటి ఊరు, ఇప్పటి ఊరు: ఇంగ్లీషులో ఎక్కడ తడబడతాం?

విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లలో చాలామంది రాసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో మాట్లాడే భాగం 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. అందులో మూడోది, అంటే చివరి అంకం, చర్చ. పరీక్షకులు అక్కడ తరచూ అడిగే ప్రశ్నల్లో ఒకటి: మీ నగరం గతంతో పోలిస్తే ఎలా మారింది? మనవాళ్లకు దీనికి చెప్పాల్సిన సంగతులకు లోటు ఉండదు. తడబాటంతా క్రియల దగ్గరే.

హైదరాబాద్ కుర్రాడొకడు ఇలా జవాబు చెప్పాడనుకుందాం: "ఎర్లియర్ పీపుల్ వర్ గోయింగ్ బై బస్. ద బస్ కమ్స్ లేట్, వియ్ స్టాండ్ ఫర్ వన్ అవర్. నౌ మెట్రో కేమ్. ద సిటీ ఛేంజ్డ్ ఎ లాట్." అర్థం తెలియడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ పరీక్షలో వ్యాకరణానికి విడిగా మార్కులుంటాయి. మిగతా మూడు అంశాలైన ధారాళత, పదసంపద, ఉచ్చారణలతో సమానంగా దాన్నీ లెక్కేస్తారు. ఈ నాలుగు వాక్యాల్లో ప్రతి దాంట్లోనూ కాలం ఏదో ఒక చోట జారింది. ఇది కుర్రాడి అశ్రద్ధ కాదు. ప్రతి తప్పు వెనకా తెలుగు అలవాటు ఒకటుంది.

మొదటిది తేలిగ్గా దిద్దుకోవచ్చు. "బస్సులో వెళ్లేవాళ్లు" అనే రూపం మనకు పుట్టుకతో వచ్చిందే. గతంలో పదేపదే జరిగి, ఇప్పుడు ఆగిపోయిందాన్ని అది చెబుతుంది. ఇంగ్లీషులో దానికి సరైన జోడీ "యూజ్డ్ టు": "పీపుల్ యూజ్డ్ టు గో బై బస్." "వర్ గోయింగ్" అంటే ఏదో ఒక సమయంలో వెళ్తూ ఉన్నారని అర్థమొస్తుంది, అలవాటు వినిపించదు. ఇదే పనికి "వుడ్" కూడా వాడొచ్చు గానీ పనుల విషయంలోనే. "అక్కడ ఒక చెరువు ఉండేది" లాంటి స్థితికి "వుడ్" పొసగదు, "దేర్ యూజ్డ్ టు బీ ఎ లేక్" అనాల్సిందే.

రెండో వాక్యంలోని జారుడు నాకు అన్నిటికంటే ఆసక్తికరం. మనం చిన్ననాటి బడి సంగతులు చెప్పేటప్పుడు "పొద్దున్నే లేచేవాళ్లం" అని మొదలుపెడతాం. రెండు వాక్యాలు తిరిగేసరికి "మాస్టారు వస్తారు, అందరం లేచి నిలబడతాం" అంటాం. వినేవాళ్లకు అది గతమేనని తెలుసు, తెలుగులో అది చక్కగా ఒప్పుతుంది, కథకు ప్రాణం కూడా పోస్తుంది. అదే అలవాటు ఇంగ్లీషులోకి వస్తే "ద బస్ కమ్స్ లేట్" అవుతుంది. పరీక్షకుడికి అది ఇవాళ్టి బస్సు గురించిన ఫిర్యాదులా వినిపిస్తుంది. అందుకే గతంలో మొదలుపెట్టిన సంగతి ముగిసేదాకా గతంలోనే నడవాలి: "ద బస్ వుడ్ కమ్ లేట్, అండ్ వియ్ స్టుడ్ ఫర్ యాన్ అవర్."

మూడు, నాలుగు వాక్యాలది ఒకే మూలం. "మెట్రో వచ్చింది", "నగరం మారింది" అన్నప్పుడు తెలుగులో ఒక్క రూపం రెండు పనులు చేస్తుంది: ఎప్పుడో జరిగి ముగిసినదాన్నీ చెబుతుంది, జరిగి దాని ఫలం ఇప్పుడు కళ్లముందున్నదాన్నీ చెబుతుంది. ఇంగ్లీషు ఈ రెంటినీ వేరు చేస్తుంది. తేదీ చెప్పామా, మామూలు గతం: "ద మెట్రో ఓపెన్డ్ ఇన్ 2017." తేదీ లేకుండా ఇప్పటి ఫలితం చెప్పాలంటే "ద సిటీ హ్యాజ్ ఛేంజ్డ్ ఎ లాట్." రెంటినీ కలిపేసి "హ్యాజ్ ఓపెన్డ్ ఇన్ 2017" అంటే అదీ తప్పే. వ్యాకరణం పుస్తకం బాగా చదివినవాళ్లు ఎక్కువగా చేసే తప్పిది.

ఇప్పుడు అదే జవాబు కాలాలు కుదిరాక ఇలా ఉంటుంది: "పీపుల్ యూజ్డ్ టు గో బై బస్, అండ్ వియ్ వుడ్ వెయిట్ ఫర్ యాన్ అవర్ ఎట్ అమీర్‌పేట్. దెన్ ద మెట్రో ఓపెన్డ్ ఇన్ 2017. సిన్స్ దెన్ ట్రావెల్ హ్యాజ్ బికమ్ మచ్ ఈజియర్, అండ్ నౌ మెనీ స్టూడెంట్స్ టేక్ ద ట్రెయిన్." ముందు అలవాటు, తర్వాత మలుపు, ఆపై మార్పు, చివర ఇప్పటి స్థితి. "దెన్", "సిన్స్ దెన్", "నౌ" అనే చిన్న మాటలు వాక్యం కన్నా ముందే కాలం మారబోతోందని చెబుతాయి. మాట్లాడేవాడికీ అవి ఊతకర్రలే: "సిన్స్ దెన్" నోట్లోంచి రాగానే వెనక "హ్యాజ్" రావాలని గుర్తొస్తుంది. బడుల గురించి అడిగినా ఇదే వరస పనికొస్తుంది. పలక మీద రాసుకునే రోజులు, బడిలోకి కంప్యూటర్ వచ్చిన ఏడాది, అప్పటినుంచి వచ్చిన మార్పు, ఇప్పటి తరగతి.

మాట్లాడుతున్నప్పుడు మన తప్పు మనకు వినపడదు. అందుకే జవాబును ఫోన్‌లో రికార్డు చేసి, రెండోసారి వినేటప్పుడు అర్థం పట్టించుకోకుండా క్రియలు మాత్రమే కాగితం మీద రాసుకోవాలి. "యూజ్డ్ టు" తర్వాత "కమ్స్" కనబడితే జారిన చోటు అదే. "యూజ్డ్ టు" పలికేటప్పుడు మధ్యలోని 'డ్' విడిగా వినిపించదు, "యూస్‌టు" అన్నట్టే పలుకుతారు. దాన్ని విడగొట్టి నొక్కి పలకాలని ప్రయత్నిస్తే ధారకు అడ్డుపడుతుంది.