పాజిటివ్ వచ్చిన 1,030 మందిలో జబ్బు ఎందరికి?

తరగతిలో మాస్టారు బోర్డు మీద గీసిన ట్రీ డయాగ్రం. దాన్ని ఫోన్‌తో కాస్త వాలుగా తీసిన ఫొటో. ఎడమ చివరి చుక్క నుంచి రెండు కొమ్మలు: ‘జబ్బు ఉంది’ 0.01, ‘జబ్బు లేదు’ 0.99. ఒక్కో కొమ్మకు మళ్లీ పాజిటివ్, నెగెటివ్ అని రెండేసి. పైన 0.8, 0.2 స్పష్టంగా ఉన్నాయి. కిందివైపు మాత్రం లైటు మెరుపు పడింది. ఆరోగ్యవంతులకు పాజిటివ్ వచ్చే కొమ్మ మీది అంకె 0.96లా కనిపిస్తోంది. దాని పక్క కొమ్మ మీద 0.904 ఉంది.

ఇది అమెరికా వైద్యుడు డేవిడ్ ఎడీ 1982లో రాసిన వ్యాసంతో పేరు పడిన లెక్క. రొమ్ము క్యాన్సర్ కోసం తీసే ఎక్స్‌రే, అంటే మామోగ్రామ్, దీనికి ఆధారం.

ముందు ఆ అంకె సంగతి తేల్చాలి. ఒకే చోట చీలిన కొమ్మల మీది సంఖ్యలను కూడితే 1 రావాలి, ఎందుకంటే పరీక్ష చేయించుకున్న ప్రతి మనిషీ ఆ రెంటిలో ఏదో ఒక దారిన వెళ్లి తీరాలి. 0.96, 0.904 కూడితే 1 దాటిపోతుంది. 1 నుంచి 0.904 తీసేస్తే 0.096 మిగులుతుంది. ఫొటోలో చెరిగిపోయింది ఒక సున్నా. అది గమనించకపోతే ఆరోగ్యవంతుల్లో నూటికి 96 మందికి జబ్బు అంటగట్టే పరీక్ష తయారవుతుంది!

ఇప్పుడు దశాంశాలను పక్కన పెట్టి, 10,000 మంది మహిళలను ఆ చెట్టు వెంట నడిపిద్దాం. వారిలో జబ్బున్నవారు 100 మంది. వారిలో 80 మందిని పరీక్ష పట్టుకుంటుంది, 20 మందిని వదిలేస్తుంది. ఈ 20 మందివి తప్పుడు నెగెటివ్‌లు. జబ్బు లేనివారు 9,900 మంది. వారిలో 0.096 వంతు, అంటే సుమారు 950 మందికి ఏ జబ్బూ లేకుండానే పాజిటివ్ వస్తుంది. ఇవి తప్పుడు పాజిటివ్‌లు.

పాజిటివ్ రిపోర్టుకు రెండు దారులున్నాయి. రెండింటినీ కూడితే 80 + 950 = 1,030. పాఠ్యపుస్తకం సంపూర్ణ సంభావ్యత సిద్ధాంతం అనేది ఈ కూడికనే. సంభావ్యతల్లో రాస్తే ఇలా ఉంటుంది:

0.01 × 0.8 + 0.99 × 0.096 = 0.10304

బేయ్స్ సిద్ధాంతం ఇక్కడి నుంచి ఒక్క అడుగే. చెట్టును ఎడమ నుంచి కుడికి గీస్తారు, జబ్బు నుంచి రిపోర్టు వైపు. రిపోర్టు చేతికొచ్చిన మహిళ కుడి చివర నిలబడి ఎడమవైపు చూస్తోంది. తనతో పాటు పాజిటివ్ వచ్చిన 1,030 మందిలో నిజంగా జబ్బున్నది 80 మందికి. అంటే నూటికి దాదాపు 7.8.

ఎడీ ఈ ప్రశ్న వేసినప్పుడు నూటికి 95 మంది వైద్యులు చెప్పిన జవాబు 75 శాతం దగ్గర ఉంది. కొమ్మ మీది 0.8నే వాళ్లు జవాబుగా తీసుకున్నారన్నమాట. ‘జబ్బుంటే పాజిటివ్ వచ్చే అవకాశం’ వేరు, ‘పాజిటివ్ వస్తే జబ్బుండే అవకాశం’ వేరు. జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ ఇలాంటి లెక్కనే 160 మంది స్త్రీవైద్య నిపుణులకు ఇస్తే మొదట నూటికి 21 మందే సరిగ్గా చెప్పారు. శాతాలు మాని మనుషుల లెక్కన ఆలోచించడం నేర్పాక ఆ సంఖ్య 87కు చేరింది. రోగికి భయం పెట్టేదీ, భయం తీర్చేదీ ఈ తేడాయే కాబట్టి దీన్ని వైద్య విద్యలో గట్టిగా నేర్పాలి.

నెగెటివ్ వచ్చినవారు 8,970 మంది. వారిలో జబ్బు దాగి ఉన్నది 20 మందికి, అంటే దాదాపు 450 మందిలో ఒకరికి. ధైర్యం చెప్పే రిపోర్టే. అయినా తర్వాత గడ్డ తగిలితే ఆ కాగితాన్ని నమ్మి ఊరుకోకూడదు.

గడ్డ తగిలిందంటే చెట్టు మొదలే మారిపోతుంది. ఏ లక్షణమూ లేనివారికి 0.01 సరిపోతుంది. లక్షణాలతో వచ్చినవారిలో నూటికి పది మందికి జబ్బు ఉంటుందనుకుందాం. అప్పుడు 10,000 మందిలో నిజమైన పాజిటివ్‌లు 800, తప్పుడువి 864. అదే యంత్రం, అదే రిపోర్టు, కానీ జబ్బుండే అవకాశం 48 శాతానికి ఎగబాకింది.

మరి పాజిటివ్ వచ్చిన మహిళకు అదే పరీక్ష మళ్లీ చేసి, 0.01 స్థానంలో 0.078 పెట్టి ఇంకో చెట్టు గీయవచ్చా? కాగితం మీద గీయవచ్చు. అయితే మొదటి తప్పుకూ రెండో తప్పుకూ సంబంధం లేనప్పుడే ఆ లెక్క నిలుస్తుంది. కణజాలం దట్టంగా ఉండటం వల్ల మొదటిసారి నీడ కనిపించి ఉంటే, రెండో ఎక్స్‌రేలోనూ అదే నీడ కనిపించవచ్చు. అందుకే అనుమానం తీరనప్పుడు వైద్యులు వేరే రకం పరీక్షకు వెళతారు. అల్ట్రాసౌండ్ చేస్తారు, అవసరమైతే సూదితో చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపి, ఆ కణాలనే మైక్రోస్కోప్ కింద చూస్తారు.