పార్సిల్ ట్రాకింగ్: ఏ మాటకు ఏ అర్థం?

ట్రాకింగ్ పేజీ చూపించేది పార్సిల్ ఈ క్షణంలో ఎక్కడుందో కాదు. దాని మీది బార్‌కోడ్‌ను చివరిసారి ఎక్కడ, ఎప్పుడు స్కాన్ చేశారో చూపిస్తుంది. ఒక స్కాన్‌కూ మరో స్కాన్‌కూ మధ్య ఏం జరిగినా పేజీకి తెలియదు.

హైదరాబాద్ నుంచి శ్రీకాకుళానికి సోమవారం సాయంత్రం స్పీడ్ పోస్టులో ఒక చీర పంపారనుకుందాం. కౌంటర్లో బుక్ కాగానే తొలి నమోదు పడుతుంది. తర్వాత దాన్ని అటువైపు వెళ్లే మిగతా పార్సిళ్లతో కలిపి సంచిలో వేసి సీలు వేస్తారు. సంచికి వేరే బార్‌కోడ్ ఉంటుంది. దారిలో స్కాన్ చేసేది సాధారణంగా సంచినే. అందుకే కొరియర్ పేజీలో ‘ఇన్ ట్రాన్సిట్’ అనీ, తపాలా పేజీలో ‘ఐటమ్ డిస్పాచ్డ్’ అనీ పడ్డాక ఒకటి రెండు రోజులు కొత్త కబురు లేకపోయినా కంగారు అక్కర్లేదు. సంచి విప్పిన చోట చీర మళ్లీ పేజీలోకి వస్తుంది. ఆ చోటు తిరుపతి అని కనిపిస్తే, పార్సిల్ పొరపాటున వేరే సంచిలో పడిందన్నమాట. అది పోయినట్టు కాదు, వెనక్కి మళ్లించడానికి కొన్ని రోజులు పడుతుంది. మూడు నాలుగు పనిదినాలైనా ఒక్క కొత్త నమోదూ లేకపోతే ఆరా తీయాలి.

‘అవుట్ ఫర్ డెలివరీ’ అంటే చీర శ్రీకాకుళం పోస్టాఫీసుకు చేరి, ఆ రోజు పోస్ట్‌మ్యాన్ పంచాల్సిన జాబితాలోకి ఎక్కిందని. బీటు మొత్తానికి జాబితా ఒకేసారి తయారవుతుంది కాబట్టి మొదటి ఇంటికీ చివరి ఇంటికీ ఇదే మాట కనిపిస్తుంది. రాత్రికల్లా అది ‘డెలివర్డ్’ అని గానీ, ఇవ్వలేకపోయిన కారణంగా గానీ మారాలి. మర్నాడు కూడా మారకపోతే పోస్టాఫీసులో అడగాలి.

‘అటెంప్టెడ్ డెలివరీ’ పడితే ఆలస్యం చేయకూడదు. తలుపు తాళం వేసి ఉంది, మనిషి లేరు, చిరునామా చాలలేదు అనే కారణాల్లో ఒకటి దాని పక్కన ఉంటుంది. పార్సిల్ తిరిగి పోస్టాఫీసుకు చేరుతుంది. సాధారణంగా ఏడు రోజులు ఉంచి పంపినవారికి తిప్పి పంపేస్తారు. ఆ లోపు ట్రాకింగ్ నంబరు, గుర్తింపు కార్డు తీసుకెళ్తే అక్కడే ఇస్తారు. ఇంట్లో మనిషి ఉన్నా ఎవరూ రాకుండా, ఫోనూ చేయకుండా ఈ మాట పడితే పేజీని స్క్రీన్‌షాట్ తీసి అదే రోజు ఫిర్యాదు చేయాలి. తపాలా శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800 266 6868.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది పేజీలో లేని మాట. ‘చిరునామా తప్పు, ఈ లింకు నొక్కి కొద్ది రూపాయలు కట్టండి’ అని ఎస్సెమ్మెస్ వస్తే అది కార్డు వివరాలు కాజేసే మోసం. లింకు ముట్టకుండా, రసీదు మీది నంబరును తపాలా శాఖ సైట్లో కొట్టి చూస్తే నిజం తెలుస్తుంది.