కడ్డీని కాదు, క్షణాన్ని చూడాలి
భ్రమణ గమనం అధ్యాయాన్ని ఒక్క కాగితం మీదికి తేవడం ఎలా?

ఇంటర్ మొదటి ఏడాది పిల్లలు చాలామంది భ్రమణ గమనం అధ్యాయానికి వస్తువుల వారీగా నోట్సు రాసుకుంటారు. కడ్డీకి ఒక పేజీ, చక్రానికి ఒకటి, గోళానికి ఒకటి. జడత్వ భ్రామకం సూత్రాలన్నీ నోటికొస్తాయి కానీ, లెక్క ఎదురుపడితే ఏ పద్ధతి పట్టుకోవాలో తోచదు. లోపం పిల్లల్లో లేదు, ఆ విభజనలో ఉంది. ఒకే కడ్డీ మీద మూడు పద్ధతులు కావలసిన మూడు లెక్కలు ఇవ్వొచ్చు. అందుకే వస్తువును పక్కనపెట్టి, ఏం అడిగారో, మనకు తెలియని బలం ఎక్కడ పనిచేస్తోందో చూడాలి.

ఒక క్షణంలో త్వరణమో, తాడులో తన్యతో అడిగితే అది టార్క్ లెక్క. τ = Iα రాయాల్సిందే. కప్పీకి ద్రవ్యరాశి ఇచ్చారంటే అదే గుర్తు: రెండు వైపులా తన్యతలు వేరువేరుగా ఉంటాయి. రెండు స్థానాలు చెప్పి, కాలం ఊసెత్తకుండా వేగం అడిగితే శక్తి నిత్యత్వం సరిపోతుంది. స్థిరమైన వాలు తలం మీద గోళం జారకుండా దొర్లుతుంటే ఘర్షణ పని సున్నా కాబట్టి, అక్కడా ఇదే దారి.

ఎక్కువగా తడబడేది మూడో రకం దగ్గర. తగిలింది, అంటుకుంది, పట్టుకుంది అనే మాటలు కనిపిస్తే, రెప్పపాటులో ఎంతో తెలియని బలం పనిచేసిందని అర్థం. ఆ బలం ఏ బిందువు గుండా పోతుందో ఆ బిందువు చుట్టూ దాని టార్క్ సున్నా. అక్కడ కోణీయ ద్రవ్యవేగం మారదు.

ఒక లెక్క పూర్తిగా చేద్దాం. పై కొన దగ్గర కీలుకు వేలాడే కడ్డీ పొడవు 1 మీటరు, ద్రవ్యరాశి 2.7 కిలోలు. 0.1 కిలో మట్టి ముద్ద సెకనుకు 30 మీటర్ల వేగంతో అడ్డంగా వచ్చి కింది కొనకు అంటుకుంది. కడ్డీ ఎంత కోణం లేస్తుంది?

ఇందులో రెండు లెక్కలున్నాయి. ముందు ఢీకొన్న క్షణం. కీలు ఎంత బలం చూపిందో తెలియదు కాబట్టి కీలు చుట్టూ లెక్కకట్టాలి. ముద్ద తెచ్చిన కోణీయ ద్రవ్యవేగం 0.1 × 30 × 1 = 3. మొత్తం జడత్వ భ్రామకం కడ్డీకి 0.9, ముద్దకు 0.1, వెరసి 1. కాబట్టి కోణీయ వేగం సెకనుకు 3 రేడియన్లు. ఆ తర్వాతిది పైకి లేచే దశ. ఇక్కడ శక్తి నిత్యత్వం. గతిజ శక్తి 4.5 జౌళ్లు, g విలువ 10 తీసుకుంటే 14.5(1 − cos θ) = 4.5. కోణం దాదాపు 46 డిగ్రీలు.

మొదటి దశలోనే శక్తి నిత్యత్వం వాడితే ఏమవుతుంది? ముద్ద తెచ్చినది 45 జౌళ్లు. కడ్డీ నిట్టనిలువుగా తలకిందులు కావడానికి 29 జౌళ్లు చాలు. అంటే గుండ్రంగా తిరిగిపోతుందని జవాబు వస్తుంది! నిజానికి పదింట తొమ్మిది వంతుల శక్తి అంటుకోవడంలోనే పోయింది. రేఖీయ ద్రవ్యవేగం నిత్యత్వమూ ఇక్కడ పనికిరాదు: ముందు 3 ఉన్నది తర్వాత 4.35 అయింది. ఆ అదనం కీలు ఇచ్చింది. ముద్ద కీలు నుంచి మూడింట రెండు వంతుల దూరంలో తగిలి ఉంటే మాత్రం కీలు నుంచి అడ్డంగా ఏ తోపూ ఉండదు, రేఖీయ ద్రవ్యవేగమూ మారదు.

నేల మీద జారుతూ బయల్దేరిన బంతి దొర్లడం మొదలుపెట్టేసరికి వేగమెంత అన్న ప్రశ్నా ఇదే కుటుంబం. ఘర్షణ గుణకం ఇవ్వలేదంటే అదే ఆనవాలు. ఘర్షణ నేల వెంబడే ఉంటుంది కాబట్టి, నేల మీది స్థిర బిందువు చుట్టూ కోణీయ ద్రవ్యవేగం మారదు. గట్టి గోళానికి తొలి వేగంలో 5/7 వంతు మిగులుతుంది. సెకనుకు 7 మీటర్లతో జారినది 5 మీటర్లతో దొర్లుతుంది, నేల ఎంత గరుకుదైనా సరే. ఎంతసేపట్లో అని అడిగితే మాత్రం ఘర్షణ గుణకం కావాలి. మళ్లీ టార్క్ దగ్గరికే వెళ్లాలి.

కాగితం అడుగున ఒక హెచ్చరిక రాసుకోవాలి. τ = Iα సమీకరణాన్ని స్థిరమైన అక్షం చుట్టూ గానీ, ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ గానీ రాయాలి. త్వరణంతో కదిలే వేరే బిందువు చుట్టూ రాస్తే సాధారణంగా తప్పు జవాబు వస్తుంది. లెక్క ఎక్కడా మొరాయించదు కాబట్టి ఆ తప్పు కంటికి కనబడదు.

ఈసారి పాత ప్రశ్నపత్రం తీసినప్పుడు వెంటనే లెక్క చేయకండి. ప్రతి ప్రశ్న పక్కన రెండే రాయండి: దశలు ఎన్ని, ఒక్కో దశలో తెలియని బలం ఎక్కడ. ఆ రెండూ రాయలేకపోయిన ప్రశ్నలనే లెక్చరర్ దగ్గరికి తీసుకెళ్లండి.