జూజువాడి ఇంటి నుంచే అనువాదం: డబ్బు సరిగ్గా ఇచ్చేవారిని గుర్తించడం ఎలా?

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, అత్తిబెలె దాటితే కన్నడం, ఫ్యాక్టరీలో ఇంగ్లీషు. మన హోసూరు, జూజువాడి పిల్లలకు ఇది మామూలే. అనువాద ఏజెన్సీలు మాత్రం ఇలాంటివారి కోసం వెతుకుతుంటాయి. అయితే పని దొరకడం ఒక ఎత్తు, తగిన కూలి రావడం మరో ఎత్తు.

మొదట అడగాల్సింది మాటకు ఎంత అని కాదు, ఏ మాటలు లెక్కపెడతారు అని. 'ఐ విల్ నాట్ బీ ఏబుల్ టు కమ్ టుమారో' అంటే ఇంగ్లీషులో ఎనిమిది మాటలు. తెలుగులో 'రేపు నేను రాలేను', మూడే. తెలుగులో విభక్తులు, క్రియలు ఒకే మాటలో కలిసిపోతాయి కాబట్టి ఇలా అవుతుంది. ఉదాహరణకు 2,000 మాటల ఇంగ్లీషు వ్యాసం తెలుగులో 1,400 మాటలైందనుకుందాం. మాటకు రూపాయి అంటే మూలం లెక్కన 2,000 వస్తుంది, తెలుగు లెక్కన 1,400 మాత్రమే. పని ఒకటే, పోయింది 600. కాబట్టి ఇంగ్లీషు నుంచి తెలుగుకైతే మూలం మాటలకే రేటు అడగండి. తెలుగు నుంచి ఇంగ్లీషుకైతే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ఇంగ్లీషు మాటలకు అడగాలి.

సబ్‌టైటిళ్లకు సాధారణంగా వీడియో నిమిషానికి ఇస్తారు, మీరు కూర్చున్న నిమిషానికి కాదు. మాట ఎప్పుడు తెరమీదకు రావాలో ముందే గుర్తించిన ఫైలు ఇస్తారా, ఆ టైమింగు కూడా మీరే పెట్టాలా అన్నది తేల్చుకోండి. రెండూ వేరు పనులు, రేటు కూడా వేరుగా ఉండాలి. ఐదు నిమిషాల వీడియో చేసి గడియారం చూసుకుంటే గంటకు ఎంత పడుతుందో తెలిసిపోతుంది.

రెండు మూడు వందల మాటల ఉచిత పరీక్ష మామూలే. 1,500 మాటలు పరీక్ష అంటే అది ఊరికే చేయించుకోవడమే. రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ అడిగితే అక్కడే ఆపేయండి. పని ఇచ్చేవాడు డబ్బు అడగడు. విదేశీ ఏజెన్సీ అయితే ProZ.com లోని Blue Board లో తోటి అనువాదకులు ఇచ్చిన మార్కులు చూడవచ్చు.

మన దేశపు కంపెనీ అయితే చట్టం అండ ఉంది. ఆధార్, పాన్‌తో udyamregistration.gov.in లో ఉచితంగా సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవచ్చు. 2006 నాటి ఎమ్మెస్ఎమ్ఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి గడువు పెట్టకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. కానీ నమోదు పని మొదలుపెట్టకముందే ఉండడం మేలు, తర్వాత చేసుకుంటే పాత బాకీకి పనికిరాకపోవచ్చు. ఫోన్‌లో మాట్లాడుకున్న రేటుకు రుజువు ఉండదు. రేటు, లెక్క, గడువు మూడూ ఈమెయిల్‌లో రాయించుకున్నాకే ఫైలు తెరవండి.