మిక్సీ ఆవిడకు ఫోన్ ఆయన అడ్రస్

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు గురించి చాట్‌లో అడిగితే "ఒక్క నిమిషం, చూసి చెబుతాను" అని జవాబొస్తుంది. ఆ తర్వాత నాలుగు నిమిషాలు ఉలుకూ పలుకూ ఉండదు. అవతలి ఉద్యోగి టీకి వెళ్లలేదు, మరో ఇద్దరికి జవాబు రాస్తున్నాడు. ఫోన్‌లో అయితే ఒకరితోనే మాట్లాడగలం. చాట్‌లో కస్టమర్ టైప్ చేసే సేపు ఉద్యోగి ఖాళీ, ఆ ఖాళీలోకే కంపెనీలు రెండో చాట్‌నీ మూడో చాట్‌నీ దూరుస్తాయి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో చాట్ ప్రాసెస్ చేసేవాళ్లకిది రోజువారీ పని.

ఈ పనికి వేగంగా టైప్ చేయడమే ముఖ్యమనుకుంటారు చాలామంది. నిజానికి తప్పులు ఎక్కువగా దొర్లేది ఒక చాట్ వదిలి ఇంకో చాట్‌కి తిరిగొచ్చే క్షణంలో. సగంలో వదిలిన పని మనసులో కొంత మిగిలిపోయి, తర్వాతి పనిని దెబ్బతీస్తుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. చాట్ ఉద్యోగికి ఆ మిగులు గంటకు పదుల సార్లు ఎదురవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. తెరమీద ముగ్గురున్నారు. మిక్సీ వెనక్కిచ్చినా రీఫండ్ రాలేదంటున్న ఆవిడ, కొత్త ఫోన్ వేరే ఇంటికి పంపమంటున్న ఆయన, చెప్పుల సైజు మార్చమంటున్న అబ్బాయి. ఉద్యోగి ఫోన్ ఆయన కొత్త అడ్రస్‌ను కాపీ చేసి డెలివరీ పేజీలో పేస్ట్ చేశాడు. ఈలోగా మిక్సీ ఆవిడ "ఇంకా ఎంతసేపండీ?" అంది. రీఫండ్ రిఫరెన్స్ నంబర్ కాపీ చేశాననుకున్నాడు, కానీ హడావుడిలో అది కాపీ కాలేదు. పేస్ట్ చేసి, చూడకుండా ఎంటర్ కొట్టాడు. ఆవిడకు వెళ్లింది ముక్కూ మొహం తెలియని మనిషి ఇంటి అడ్రస్.

కాపీ విఫలమైతే కంప్యూటర్ ఏమీ అనదు, పాతదాన్నే దాచి ఉంచుతుంది. అందుకే పేస్టుకీ ఎంటర్‌కీ మధ్య ఒక ఆగు ఉండాలి. పేస్ట్ చేసినదాన్ని చదివి, దాని ఆర్డర్ నంబర్ చివరి నాలుగు అంకెలు ఆ చాట్ పైనున్న నంబర్‌తో సరిపోయాయో లేదో చూసుకోవాలి. పట్టేది రెండు సెకన్లు. ఒకసారి వెళ్లాక చెరిపినా ఆవిడ అప్పటికే చదివేసి ఉండొచ్చు. అప్పుడు ఆవిడకు క్షమాపణ చెప్పి, టీమ్ లీడర్‌కు వెంటనే తెలపాలి. ఇది ఒక మనిషి వివరాలు బయటికి పోవడం, దాచేస్తే తీరేది కాదు.

ఇక తిరిగొచ్చే క్షణం సంగతి. అనుభవమున్నవాళ్లు ఒక చాట్ వదిలే ముందు సిబ్బందికి మాత్రమే కనిపించే నోట్‌లో ఒక వాక్యం రాసిపెడతారు. జరిగింది కాదు, జరగాల్సింది: "రీఫండ్ రిఫరెన్స్ ఇవ్వాలి", "పాత సైజు అడిగాను, జవాబు రావాలి". తిరిగి రాగానే ఆ ఒక్క వాక్యం చదివితే చాలు, చాట్ మొత్తం పైనుంచి వెతుక్కోనక్కర్లేదు. అన్నట్టు, నోట్ పెట్టె, కస్టమర్ పెట్టె పక్కపక్కనే ఉంటాయి. "ఈవిడ సతాయిస్తోంది" లాంటివి నోట్‌లోనూ రాయకపోవడమే క్షేమం.

జవాబు మరచిపోవడం వేరే జబ్బు. సగం టైప్ చేసి ఇంకో చాట్‌కి వెళ్తారు, పంపేశామనే అనుకుంటారు. దీన్ని పట్టుకోవడం తేలిక. ప్రతి జవాబు పంపాక మూడు చాట్లలో చివరి మాట ఎవరిదో చూడాలి. చివరి మాట కస్టమర్‌దైతే బాకీ మనది. బాకీలు రెండు మూడుంటే ఎక్కువసేపుగా ఎదురుచూస్తున్నవారికి ముందు తీర్చాలి, గట్టిగా అరుస్తున్నవారికి కాదు. గడువున్న పని మాత్రం మినహాయింపు: పార్సెల్ గోదాము దాటితే అడ్రస్ మార్చలేకపోవచ్చు కాబట్టి ఫోన్ ఆయనే ముందు. మిగతావాళ్లకు "ఒక్క నిమిషం" అనకుండా "అయిదు నిమిషాలు పడుతుంది" అంటే సరి. ఎదురుచూసేవారు మధ్యలో "ఉన్నారా?" అని అడగరు, బాకీలు పెరగవు.

వీటన్నిటికీ ఒక హద్దుంది. సైజు మార్పులాంటి చిన్న పనులైతే మూడు చాట్లు నడుస్తాయి. రెండు చాట్లలో రికార్డులు వెతకాల్సి వస్తే మూడోది మోయడం కష్టం. కొన్నిచోట్ల కొత్త చాట్ రాకుండా ఉద్యోగి ఆపుకోగలడు. చాలాచోట్ల సిస్టమే నెత్తిన పడేస్తుంది, అది ఉద్యోగి తప్పు కాదు. మోత ఎక్కువైందో లేదో పై అధికారులు పాత చాట్లు చదివితే తెలిసిపోతుంది. ఒకసారి చెప్పిన ఆర్డర్ నంబర్‌నే కస్టమర్‌ను మళ్లీ మళ్లీ అడుగుతుంటే, ఆ ఉద్యోగికి శిక్షణ ఇవ్వడం కంటే ఒక చాట్ తగ్గించడమే ముందు చేయాల్సిన పని.