సున్నపు నల్లరేగడిలో వేరుశనగకు ఇనుము ఎందుకు అందదు?

సున్నం ఎక్కువగా గల నల్లరేగడి నేలల్లో వేరుశనగ విత్తిన కొద్ది వారాలకే లేత ఆకులు పాలిపోవడం కనిపిస్తుంది. ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పసుపు రంగుకు మారుతుంది. లోపం తీవ్రమైతే ఆకు మొత్తం తెల్లబడుతుంది. ఇది ఇనుము లోప లక్షణం. అయితే ఆ నేలలో ఇనుముకు కొరత లేదు. ఎకరా విస్తీర్ణంలో 15 సెం.మీ. పైపొర మట్టి సుమారు 9 లక్షల కిలోల బరువుంటుంది. అందులో ఇనుము 2 శాతమే అనుకున్నా 18 వేల కిలోలు అవుతుంది. పంటకు కావలసింది అందులో అత్యల్ప భాగం. ఆ కొద్దిపాటి ఇనుము కూడా వేరుకు ఎందుకు చేరదన్నదే ప్రశ్న.

నల్లరేగడి నేలల ధనాయాన వినిమయ సామర్థ్యం ఎక్కువ. వీటిలోని స్మెక్టైట్ బంకమట్టి రేణువులు అధిక రుణావేశం కలిగి ఉండి కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం వంటి ధనాయానాలను పట్టి ఉంచి, అవసరమైనప్పుడు నేల ద్రావణంలోకి విడుదల చేస్తాయి. కెయోలినైట్ ప్రధానంగా గల ఎర్ర నేలలకు ఈ శక్తి చాలా తక్కువ. దీన్నిబట్టి నల్లరేగడిలో అన్ని పోషకాలూ సమృద్ధిగా అందుతాయని భావించడం సరికాదు. వినిమయ స్థానంలో నిలవాలంటే ఆ మూలకం ముందుగా కరిగి అయాను రూపంలో ఉండాలి. కరగని పోషకానికి నేల సామర్థ్యం ఎంత ఉన్నా ప్రయోజనం లేదు. కరగడాన్ని ప్రధానంగా నిర్ణయించేది నేల ఉదజని సూచిక.

ఉదజని సూచిక ఒక ప్రమాణం పెరిగితే ద్రావణంలోని ఫెర్రిక్ అయాన్ల గాఢత వెయ్యి రెట్లు తగ్గుతుంది. జింకు అయాన్ల విషయంలో ఈ తగ్గుదల వంద రెట్లు. సున్నపు నేలల సూచిక సాధారణంగా 7.5 నుండి 8.4 వరకు ఉంటుంది. ఆ స్థితిలో ఇనుము హైడ్రాక్సైడు, ఆక్సైడు రూపాల్లో గట్టిపడి ఉంటుంది. వినిమయ స్థానాలను అధిక భాగం కాల్షియమే ఆక్రమిస్తుంది.

ఆమ్ల నేలల్లో ఇందుకు విరుద్ధమైన పరిస్థితి ఏర్పడుతుంది. సూచిక 5.5 కన్నా తగ్గినప్పుడు అల్యూమినియం కరిగి వినిమయ స్థానాలను ఆక్రమించి, వేరు పెరుగుదలను దెబ్బతీస్తుంది. భాస్వరం ఇనుము, అల్యూమినియంలతో కలిసి బిగుసుకుపోతుంది. సున్నపు నేలల్లో అదే భాస్వరం కాల్షియంతో బంధితమవుతుంది.

వేరుశనగ వేరు ఇనుము కోసం తనవంతు ప్రయత్నం చేస్తుంది. పరిసరాల్లోకి ఉదజని అయాన్లను విడుదల చేసి, ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్ రూపంలోకి మార్చి గ్రహిస్తుంది. సున్నపు నేలలో ఉండే బైకార్బొనేట్ ఆ ఆమ్లాన్ని తటస్థీకరిస్తుంది. భారీ వర్షాలు కురిసి లేదా అధికంగా నీరు కట్టి నేలలో గాలి తగ్గితే బొగ్గుపులుసు వాయువు పేరుకుని బైకార్బొనేట్ మరింత పెరుగుతుంది. వాన వెలిశాక పైరు పసుపెక్కడానికీ, నేల ఆరినకొద్దీ కొంత కోలుకోవడానికీ కారణమిదే. డి.టి.పి.ఎ. పరీక్షలో ఇనుము 4.5 పి.పి.ఎం. కన్నా ఎక్కువగా తేలిన పొలంలో సైతం లోపం కనిపించవచ్చు. ఆ పరీక్ష పొలంలోని తేమనూ, బైకార్బొనేట్‌నూ పరిగణనలోకి తీసుకోదు.

గంధకం వేసి సూచికను తగ్గించవచ్చునా? నేలలో కాల్షియం కార్బొనేట్ 5 శాతం ఉంటే ఎకరా పైపొరలో 45 వేల కిలోల సున్నం ఉన్నట్లు. 100 కిలోల సున్నాన్ని తటస్థీకరించడానికి 32 కిలోల గంధకం కావాలి. ఆ లెక్కన ఎకరాకు సుమారు 14 వేల కిలోలు అవసరం. ఇది ఆచరణ సాధ్యం కాదు. జిప్సం కూడా ఇక్కడ సూచికను తగ్గించదు. వినిమయ స్థానాల్లో సోడియం చేరి, సూచిక 8.5 దాటిన చౌడు నేలలకే అది ఉపయోగం. కాబట్టి జిప్సం సిఫారసుకు ముందు వినిమయ సోడియం శాతాన్ని తెలుసుకోవాలి.

అన్నభేదిని నేలకు వేస్తే కొద్ది రోజుల్లోనే ఆక్సీకరణం చెంది కరగని రూపానికి మారుతుంది. అందుచేత ఆకులపై పిచికారీయే మేలు. ఎకరాకు 200 లీటర్ల నీటిలో 1 కిలో అన్నభేది, 200 గ్రాముల సిట్రిక్ ఆమ్లం అప్పటికప్పుడు కలిపి సాయంత్రం చల్లాలి. ఇనుము మొక్కలో ఒక ఆకు నుండి మరొక ఆకుకు సులభంగా కదలదు. కనుక తర్వాత వచ్చే ఆకులు మళ్ళీ పాలిపోతే వారం, పది రోజుల వ్యవధిలో తిరిగి పిచికారీ చేయాలి.

లోప నిర్ధారణలో పొరపాటు జరగకూడదు. నత్రజని లోపం ముదురు ఆకుల్లో మొదలవుతుంది. గంధకం లోపంలో లేత ఆకులు ఈనెలతో సహా పసుపెక్కుతాయి. అనుమానమున్నచోట కొన్ని పాలిపోయిన ఆకులపై మాత్రమే అన్నభేది ద్రావణం పూసి, గుర్తు కట్టి ఉంచాలి. కొద్ది రోజుల్లో అవే పచ్చబడితే ఇనుము లోపమే. ఆకులోని మొత్తం ఇనుము విశ్లేషణపై ఆధారపడరాదు, ఎందుకంటే పసుపు ఆకులోనూ పచ్చని ఆకులో ఉన్నంత ఇనుము ఉండవచ్చు. అది క్రియాశీల రూపంలో లేకపోవడమే అసలు లోపం.